కూరలో కలిసిపోయిన నూనెను తూకం వేయడం ఎలా?

మా తమ్ముడు డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. పోయిన చలికాలంలో బరువు తగ్గాలని ఒక కిచెన్ తూకం కొనుక్కుని, మూడు వారాలపాటు అన్నం, పప్పు, చికెన్, పెరుగు అన్నీ తూచి మరీ తిన్నాడు. ప్రతి పూటా ఎక్సెల్ షీట్‌లో రాసుకున్నాడు. అతని ఎత్తుకూ పనికీ బరువు ఉన్నచోటే ఉండాలంటే రోజుకు సుమారు 2,300 కేలరీలు కావాలి. షీట్‌లో మాత్రం ఏ రోజూ 1,900 దాటలేదు. అయినా బరువు కదల్లేదు. "అక్కా, థైరాయిడ్ టెస్టు చేయించుకోనా?" అని అడిగాడు ఒక ఆదివారం.

నేను ఇక్కడ నల్లకుంటలో ఉంటాను. వీడియో కాల్‌లో మాట్లాడుతూనే వాడు వంట మొదలుపెట్టాడు. బెండకాయ ముక్కలు గిన్నెలో వేసి తూకం మీద పెట్టాడు, 400 గ్రాములు. ఉల్లిపాయ 100 గ్రాములు. రెండూ షీట్‌లోకి ఎక్కాయి. తర్వాత నూనె సీసా ఎత్తి కడాయి చుట్టూ ఒక తిప్పు తిప్పాడు. ముక్కలు వేసి కలిపాక అడుగంటుతోందని మళ్లీ కొంచెం పోశాడు. మూత తీశాక ఇంకొంచెం.

"నూనె తూచవేంరా?"

"ఒక స్పూనే కదక్కా. 120 అని రాసేశా."

ఆ మూడు తిప్పుల్లోనే లెక్కంతా తప్పింది. మరుసటి ఆదివారం అదే కూరను ఇద్దరం కలిసి తూచాం. తర్వాత వాడు సెలవులకు హైదరాబాద్ వచ్చినప్పుడు అమ్మ వంటింట్లో పదిహేను రోజులు చేశాం. మీరు మీ ఇంట్లో చేసుకోవడానికి వీలుగా ఆ పద్ధతి రాస్తున్నాను.

ముందు తూకం సంగతి

గ్రాము తేడా చూపే, 5 కిలోల దాకా మోసే సాధారణ కిచెన్ తూకం చాలు. కొనగానే ఒకసారి పరీక్షించండి. విప్పని లీటరు నూనె ప్యాకెట్ మీద చూస్తే 1 లీటరు పక్కనే 910 గ్రాములు అని ఉంటుంది. నూనె నీళ్లకంటే తేలిక కాబట్టి లీటరు నూనె కిలో తూగదు. ఆ ప్యాకెట్‌ను తూకం మీద పెడితే 910కి కవరు బరువు నాలుగైదు గ్రాములు కలిపి చూపాలి. 890 అనో 940 అనో చూపిస్తే బ్యాటరీ మార్చి, చదునైన గట్టు మీద పెట్టి మళ్లీ చూడండి. బట్ట మీదా ప్లాస్టిక్ షీటు మీదా పెడితే తూకం తప్పు చెబుతుంది.

ఈ తూకాలకు ఒక గుణం ఉంది. కడాయిని దాని మీద పెట్టి, TARE నొక్కి సున్నా చేసి, నూనెను సన్నటి ధారగా పోస్తే అంకె చాలాసేపు కదలదు. అంత నెమ్మదిగా పెరిగే బరువును తూకం ఊగిసలాట అనుకుని సున్నాకే సర్దేసుకుంటుంది. మీరు 4 గ్రాములు పోసినా అది 1 అనొచ్చు. మా తమ్ముడు మొదటిసారి ఇలాగే చేసి, పోపుకు 3 గ్రాములే పట్టిందని సంబరపడ్డాడు. కాబట్టి పడే నూనెను తూచకండి. సీసాను తూచండి.

సీసాను వంటకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి

స్టవ్ వెలిగించే ముందు నూనె సీసాను మూతతో సహా తూచి ఆ అంకె రాసుకోండి. వంట పూర్తయ్యాక అదే సీసాను అదే మూతతో మళ్లీ తూచండి. మొదటి అంకెలోంచి రెండోది తీసేస్తే కూరలోకి పోయిన నూనె వస్తుంది. మధ్యలో ఎన్నిసార్లు పోశారో గుర్తుపెట్టుకోనక్కర్లేదు. అడుగంటుతోందని పోసిందీ, చివర్లో మెరుపు కోసం పోసిందీ అన్నీ అందులోకే వచ్చేస్తాయి. వండేవాళ్ల చేతివాటం మార్చాల్సిన పని కూడా లేదు. మా అమ్మ ఒప్పుకున్నది అందుకే. "నన్ను కొలిచి పొయ్యమంటే కూర చెడిపోతుందిరా, సీసాను ఎన్నిసార్లన్నా తూచుకో" అంది.

ఆ ఆదివారం తమ్ముడి సీసా వంటకు ముందు 1,312 గ్రాములు, తర్వాత 1,246. అంటే 66 గ్రాముల నూనె. వాడు షీట్‌లో రాసుకునే ఒక టేబుల్ స్పూను 14 గ్రాములకు మించదు.

గ్రాము నూనెకు 9 కేలరీలు. అది పల్లీ నూనె అయినా, సన్‌ఫ్లవర్ అయినా, ఆలివ్ అయినా, నెయ్యి అయినా ఆ లెక్కలో తేడా లేదు. 'లైట్' అని రాసిన సీసాలో ఉండేదీ నూనే. 66ను 9తో హెచ్చిస్తే 594. అందులో వేసిన 400 గ్రాముల బెండకాయకూ 100 గ్రాముల ఉల్లిపాయకూ కలిపితే వచ్చేది దాదాపు 170 మాత్రమే. తను కూరగాయలు తింటున్నాననుకున్నాడు. లెక్కలో చూస్తే మూడొంతుల పైన నూనే.

ఇక్కడ లేబుల్ గురించి ఒక మాట. మన దగ్గర చాలా ప్యాకెట్ల మీద 100 గ్రాములకు 900 కిలోకేలరీలు అని ఉంటుంది. మనం మామూలుగా కేలరీ అనేది ఆ కిలోకేలరీనే. యూరప్‌లో ఉన్నవాళ్లయితే సీసా మీద 100 మిల్లీలీటర్లకు 820 చిల్లర అని చూస్తారు. మీ తూకం చూపేది గ్రాములు కాబట్టి ఆ అంకెను వాడకండి, గ్రాముకు 9 అనే పట్టుకోండి.

కడాయి ఖాళీ బరువు, కూర బరువు

నూనె ఎంత పట్టిందో తెలిసింది. అందులో మీ కంచంలోకి ఎంత వచ్చిందో తెలియాలంటే కూర మొత్తం బరువు కావాలి. ఇంట్లో రోజూ వాడే రెండు మూడు కడాయిలు, పప్పు గిన్నె, కుక్కర్ ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి తూచి, ఆ బరువులు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అతికించండి. ఇక ప్రతిసారీ కూరను వేరే గిన్నెలోకి తీయనక్కర్లేదు. కూర ఉన్న కడాయిని తూచి ఖాళీ బరువు తీసేస్తే సరిపోతుంది. వేడి కడాయిని నేరుగా తూకం మీద పెడితే పైన గాజో ప్లాస్టిక్కో పాడవుతుంది. ముందు ఒక చెక్క పలక పెట్టి సున్నా చేసి, దాని మీద కడాయి పెట్టండి.

తమ్ముడి కడాయి ఖాళీగా 1,210 గ్రాములు. వేపుడుతో 1,478. అంటే వేపుడు 268 గ్రాములు. అరకిలో ముక్కలూ 66 గ్రాముల నూనే కలిసి 268 అయ్యాయంటే మిగతాదంతా ఆవిరైన నీరు. నీళ్లు పోతాయి కానీ కేలరీలు ఎక్కడికీ పోవు. అందుకే వేగిన కూరను తూచి పచ్చి బెండకాయ లెక్క వేస్తే అడుగడుగునా తప్పొస్తుంది.

వాడు అందులో సగం తిన్నాడు, 134 గ్రాములు. కూర మొత్తం 594, 170 కలిపి 764 కేలరీలు కాబట్టి వాడి వాటా 382. అంతకుముందు ఇదే వాటాకు షీట్‌లో 145 రాసుకునేవాడు. ఒక్క కూరలోనే 237 తేడా.

ఇందులో ఒక చిక్కు ఉంది. కూర కడాయిలో కాసేపు ఉంటే నూనె అడుగుకో అంచుకో చేరుతుంది. ముందు వడ్డించుకున్నవాళ్లకు తక్కువ, ఆఖర్న కడాయి ఊడ్చినవాళ్లకు ఎక్కువ వస్తుంది. వంకాయతో ఇది బాగా కనిపిస్తుంది. వేగే మొదట్లో స్పంజిలా నూనెంతా పీల్చుకుని, మెత్తబడ్డాక కొంత వదిలేస్తుంది. అందుకే మన బగారా బైంగన్‌లో నూనె పైకి తేలుతుంది. అలాంటప్పుడు గిన్నెను వంచి తేలిన నూనెను చెంచాతో ఒక కటోరీలోకి తీసి, తూచి, మొత్తం నూనెలోంచి తీసేయండి. తీయడం ఇష్టం లేకపోతే బాగా కలిపి వడ్డించుకుని, లెక్క మొత్తం నూనెకే కట్టండి. బగారా బైంగన్‌లో పల్లీలు, నువ్వులు, కొబ్బరి కూడా ఉంటాయి. వాటి కొవ్వు సీసా తూకంలో దొరకదు, నూరే ముందే విడిగా తూచాలి.

వేపుడు కాని చోట్ల

పప్పు పోపునూ ఇలాగే సీసాతో పట్టుకోండి. తమ్ముడి పప్పుకు 18 గ్రాములు పట్టింది. మూడోవంతు తిన్నాడు కాబట్టి 6 గ్రాములు, 54 కేలరీలు. అంతకుముందు వాడి షీట్‌లో పోపు అనే వరుసే లేదు.

ఆమ్లెట్‌కు వాడు స్ప్రే డబ్బా వాడతాడు. డబ్బా మీద కేలరీలు సున్నా అని ఉంటుంది. అమెరికా లేబుల్ నియమం ప్రకారం ఒక సర్వింగ్‌లో 5 కేలరీలలోపు ఉంటే సున్నా అని రాసుకోవచ్చు. ఆ డబ్బా మీద ఒక సర్వింగ్ అంటే సెకనులో పావు వంతు నొక్కడం, అందులో పావు గ్రాము నూనె. పెనమంతా తడవాలంటే వాడు ఐదారు సెకన్లు నొక్కుతాడు, మధ్యలో ఆమ్లెట్ తిప్పేటప్పుడు ఇంకోసారి. డబ్బాను తూస్తే 8 గ్రాములు తగ్గింది. అందులో నూనెను తోసే వాయువు కొంత ఉంటుంది, అది పోగా 60 కేలరీలు వేసుకున్నాం.

237, 54, 60 కలిపితే 351. షీట్‌లోని 1,900కు ఇది కలిపితే 2,250. వాడి శరీరానికి కావాల్సిందే 2,300. బరువు ఎందుకు కదల్లేదో దీంతో తేలిపోయింది. థైరాయిడ్ అనుమానం ఉంటే పరీక్ష చేయించుకోవడంలో తప్పేం లేదు, కానీ వాడి విషయంలో ముందు చూడాల్సింది సీసానే.

డీప్ ఫ్రైకి సీసాతో పని కాదు, ఎందుకంటే కడాయిలో పోసినదంతా పూరీల్లోకి పోదు. అమ్మ పూరీలు చేసిన రోజు కడాయిలో 620 గ్రాముల నూనె పోసింది. అయ్యాక పూర్తిగా చల్లారనిచ్చి తూస్తే 548 ఉంది. వేడి నూనె కడాయిని మాత్రం ఎప్పుడూ ఎత్తి తూకం మీద పెట్టకండి. 72 గ్రాములు 16 పూరీల్లోకి పోయింది, పూరీకి నాలుగున్నర గ్రాములు, 40 కేలరీలు. పిండి లెక్క ఇంకో 60 చిల్లర. కాగితం మీద పూరీలు ఆరబెడితే ఆ కాగితాన్ని ముందూ తర్వాతా తూచండి, అది పీల్చిన నూనె మీరు తిన్నది కాదు. నూనె సరిగ్గా కాగకుండా వేస్తే పూరీ పొంగకుండా నూనె తాగుతుంది, ఆ తేడా కూడా ఈ తూకంలోనే కనిపిస్తుంది.

గంటెకు ఎంత పడుతుందో ఒకసారి

తమ్ముడు తిరిగి వెళ్లాక అమ్మ సీసాను రోజూ తూచదని మాకు తెలుసు. అందుకని ఇంట్లో ఉన్న కొలతలన్నీ ఒకసారి తూచి పెట్టుకున్నాం. నూనె క్యానుతో పాటు అమ్మ వాడే పోపు గంటె నిండా పోస్తే 31 గ్రాములు పట్టింది. అమ్మ దాన్ని "ఒక స్పూను" అంటుంది. అంటే అమ్మ లెక్కలో రెండు స్పూన్లు నిజంగా 62 గ్రాములు, 560 కేలరీలకు దగ్గర. మసాలా డబ్బాలో ఉండే చిన్న స్పూనుకు 4 గ్రాములు పట్టింది. ఎవరింటి గంటె వాళ్లది, మా అంకె మీకు పనికిరాదు. ఖాళీ గిన్నెను తూకం మీద పెట్టి సున్నా చేసి, మీ గంటెను ఐదుసార్లు నింపి అందులో పోసి, వచ్చినదాన్ని ఐదుతో భాగించండి. ఒక్కసారి పోసి తూచితే గ్రాము తేడా కూడా పెద్దదే అవుతుంది.

నెలకెన్ని ప్యాకెట్లు?

ఈ తూకాలన్నీ సరిగ్గా వచ్చాయో లేదో పట్టిచ్చేది కిరాణా చీటీ. మా ఇంట్లో నలుగురం. పోయిన నెల 6 ప్యాకెట్లు అయిపోయాయి. ఒక్కోటి 910 గ్రాములు కాబట్టి 5,460 గ్రాములు. ముప్పై రోజులకూ నలుగురికీ భాగిస్తే మనిషికి రోజుకు 45 గ్రాములు. మేం కూరలూ పోపులూ తూచి లెక్కకట్టినప్పుడు వచ్చింది 31 మాత్రమే. మిగతా 14 గ్రాములు ఎటు పోయాయని వెతికితే కొంత పూరీలూ బజ్జీలూ అయ్యాక పారబోసిన నూనె, కొంత దోసెల పెనం మీద చుట్టూ వేసినది, కొంత ఆవకాయ జాడీలో పైకి పోసినది. దోసెల నూనెను మేం ఒక్కసారి కూడా తూచలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఒక్కో దోసెకు 5 గ్రాములు పోస్తే మూడు దోసెలకు 135 కేలరీలు. తూకాల లెక్కా ప్యాకెట్ల లెక్కా దగ్గర దగ్గరగా వచ్చేదాకా ఎక్కడో ఒక సీసానో క్యానో తూకానికి దొరకలేదనే అర్థం. నెయ్యి డబ్బా ఈ లెక్కలో రాదు, దాన్ని విడిగా చూడాలి.

మరి ఎంత ఉండాలి? మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల రోజు భోజనానికి నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు చూపించింది. ఇది సున్నా కాదని గమనించండి. ఏ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి. ఈ తూకం చూసి బెదిరి ఉడకబెట్టిన కూరలకు దిగనక్కర్లేదు. ఎదిగే పిల్లల కంచంలో, గర్భిణుల కంచంలో ఈ లెక్కతో కోత పెట్టకండి.

హోటల్ బిర్యానీకి ఈ పద్ధతి పనిచేయదు. అందులో ఎంత నూనె, ఎంత నెయ్యి పోశారో మీ తూకం చెప్పలేదు. యాప్‌లో వెతికితే ఒకే బిర్యానీకి నాలుగు రకాల అంకెలు వస్తాయి. బయట తిన్న పూట అంచనా అని రాసుకుని వదిలేయండి. ఇంట్లో కూరలకు కూడా యాప్‌లో 'బెండకాయ ఫ్రై' అని వెతక్కండి, అక్కడున్నది ఇంకెవరి ఇంటి నూనెనో. పచ్చి బెండకాయ ఒక వరుస, నూనె ఒక వరుసగా వేసుకోండి.

అదే వేపుడు, తక్కువ నూనెతో

66 గ్రాములు ఎందుకు పట్టిందో చూస్తే కారణం బెండకాయలోనే కనిపించింది. వాడు ఫ్రిజ్‌లోంచి తీసి, కడిగి, తడి మీదే తరిగాడు. జిగురు తీగలు సాగి ముక్కలు అతుక్కున్నాయి. విడిపోవాలని నూనె పోస్తూ పోయాడు. ఉప్పు మొదట్లోనే వేశాడు, దాంతో నీరూరి మరింత మెత్తబడింది.

అమ్మ ఇక్కడ చేసి చూపించింది. బెండకాయలు కడిగి, బట్టతో ఒక్కొక్కటీ తుడిచి, ఫ్యాను కింద గంట ఆరబెట్టింది. తర్వాత తరిగింది. వెడల్పు కడాయి తీసుకుని, అది బాగా కాగాక నూనె వేసి, ముక్కలు పలచగా పరిచి, మూత పెట్టకుండా ఐదు నిమిషాలు కదపకుండా వదిలింది. అడుగు వైపు గోధుమరంగు మచ్చలు వచ్చాకే మొదటిసారి కలిపింది. జిగురు పోయి ముక్కలు విడివిడిగా అయ్యాక ఉల్లిపాయ, దించే ముందు ఉప్పూ కారం. సీసా తూస్తే 400 గ్రాముల బెండకాయకు 24 గ్రాములు పట్టింది. 66తో పోలిస్తే 42 గ్రాములు తక్కువ, 378 కేలరీలు. ఇంకా తగ్గించి 12 గ్రాములతో కూడా చేశాం కానీ ముక్కలు ఎండిపోయి పీచులా అయ్యాయి, నాన్న కంచం పక్కకు తోసేశారు. మా ఇంట్లో 400 గ్రాములకు 24 దగ్గర ఆగాం.

డాలస్ వెళ్లాక తమ్ముడు తన షీట్‌లో ఒక వరుస చేర్చాడు, దాంట్లో మూడు గడులు: సీసా ముందు, సీసా తర్వాత, తేడా. తిండి అదే, కూరలు అవే. ఐదు వారాలకు కిలోన్నర తగ్గాడు. ఇప్పుడు రోజూ తూచడు. కొత్త కూర మొదలుపెట్టినప్పుడూ కొత్త సీసా విప్పినప్పుడూ మాత్రం తూకం బయటికి తీస్తాడు, సీసా మీద విప్పిన తేదీ మార్కరుతో రాస్తాడు. మొన్న ఫోన్‌లో చూపించాడు, లీటరు సీసా మీద తేదీ వేసి ముప్పై ఐదు రోజులైంది, అడుగున ఇంకా రెండు వేళ్ల ఎత్తు నూనె ఉంది.